చెవుల్లో ఇయర్‌బడ్స్, కాళ్ల కింద పట్టాలు: తోటి విద్యార్థుల కోసం హెచ్చరిక ప్రసంగాన్ని సిద్ధం చేసుకునే విధానం

మా కాలేజీకీ బస్టాపుకీ మధ్య ఒక రైలు గేటు ఉంది. సాయంత్రం నాలుగు దాటాక గేటు పడితే రోడ్డుకు రెండు వైపులా మా వాళ్లే వంద మంది దాకా పోగవుతారు. ఒక రోజు అలా నిలబడి ఉండగా, మొదటి సంవత్సరం కుర్రాడు ఒకడు గేటు కర్ర కింద నుంచి వంగి లోపలికి దూరాడు. చెవుల్లో తెల్లని ఇయర్‌బడ్స్ ఉన్నాయి. గేట్‌మన్ కేక వేశాడు, ఈల ఊదాడు, మేమందరం అరిచాం. అతను తల కూడా తిప్పలేదు. గేటు దగ్గర జామకాయలు అమ్ముకునే పెద్దావిడ లోపలికి చెయ్యి చాచి అతని బ్యాగు పట్టీని పట్టుకుని వెనక్కి లాగింది. పట్టీ కుట్టు పుటుక్కున తెగింది. అతను ముందు కోపంగా చూశాడు, తర్వాత ఒక చెవిలోది తీశాడు, ఆ తర్వాతే రైలు మా ముందు నుంచి వెళ్లింది. ఈ మూడూ అదే వరుసలో జరగడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

తర్వాతి జనవరిలో రహదారి భద్రతా మాసం సందర్భంగా మా విభాగం తరఫున ఐదు నిమిషాలు మాట్లాడమని నన్ను అడిగారు. నేను రాసుకున్న మొదటి ప్రతి నిండా "ప్రాణం ఎంతో విలువైనది", "తల్లిదండ్రులు ఎదురుచూస్తుంటారు" వంటి వాక్యాలే ఉన్నాయి. అవన్నీ నిజమే. కానీ ఆ కుర్రాడికి తెలియనివి కావు. అతనికి తెలియనిది వేరే ఉంది: ఆ గేటు దగ్గర తనకు ఎన్ని సెకన్ల వ్యవధి ఉంటుందో, అందులో ఎన్ని సెకన్లను చెవుల్లో ఉన్న వస్తువు తీసేసుకుంటుందో అతనికి తెలియదు. ఆ ప్రతిని పక్కన పడేసి, ఈ ఒక్క విషయం చుట్టూ మళ్లీ రాశాను. అలాంటి ప్రసంగం సిద్ధం చేసుకోవాలనుకునే విద్యార్థి కోసం, నేను నడిచిన దారిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి పని: ఒక చోటును ఎంచుకోవడం

రోడ్లన్నిటి గురించీ, పట్టాలన్నిటి గురించీ మాట్లాడబోతే వినేవారి మనసులో ఏ చోటూ మెదలదు. మీ తరగతిలో ఎక్కువ మంది రోజూ దాటే ఒక్క చోటును ఎంచుకోండి. అది లెవెల్ క్రాసింగ్ గేటు కావచ్చు, స్టేషన్ చివర ప్లాట్‌ఫారం దిగి పట్టాల మీదుగా అడ్డంగా పోయే కాలిబాట కావచ్చు, కాలేజీ ముందున్న నాలుగు వరుసల రహదారి కావచ్చు. ఆ చోటు పేరు చెప్పగానే హాల్లో ఉన్నవారికి అక్కడి టీ కొట్టు, గోడ మీద పోస్టర్లు, గుంతలు కళ్ల ముందుకు రావాలి. నేను మా రైలు గేటును ఎంచుకున్నాను. రహదారి సంగతిని ప్రసంగం చివరి భాగంలో, అదే ఆలోచనకు కొనసాగింపుగా తీసుకువచ్చాను.

రెండవ పని: అక్కడికి వెళ్లి కొలవడం

ఇది చాలా మంది వదిలేసే పని. ప్రసంగానికి బలమంతా ఇక్కడి నుంచే వస్తుంది కాబట్టి దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. కొలతలన్నీ గేటు బయట నిలబడి గానీ, గేటు తెరిచి ఉన్నప్పుడు అందరితో పాటు రోడ్డు మీద నడుస్తూ గానీ తీసుకోవాలి. కొలత కోసం పట్టాల వెంట నడవడం, పట్టాల మధ్య ఆగడం, వీడియో తీయడం కోసం రైలుకు దగ్గరగా వెళ్లడం ఎంతమాత్రం చేయకూడదు.

ముందు రైలు వేగం తెలుసుకోవాలి. దానికి యంత్రం ఏమీ అక్కర్లేదు. గేటు బయట నిలబడి, పట్టాల అవతల ఉన్న ఒక స్తంభాన్ని గుర్తు పెట్టుకోండి. రైలు వస్తున్నప్పుడు ఒక బోగీ ముందు అంచు ఆ స్తంభాన్ని దాటగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి, పది సెకన్లలో ఎన్ని బోగీలు దాటాయో లెక్కపెట్టండి. ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్న ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు సుమారు 24 మీటర్లు. పాత నీలం రంగు ఐసీఎఫ్ బోగీ అయితే సుమారు 22 మీటర్లు. మా గేటు దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్ పది సెకన్లలో 12 ఎల్‌హెచ్‌బీ బోగీలను దాటించింది. అంటే 288 మీటర్లు. సెకనుకు 28.8 మీటర్లు, గంటకు దాదాపు 104 కిలోమీటర్లు. చూసేవారికి అది అంత వేగంగా వెళ్తున్నట్టు అనిపించలేదు. నా పక్కన నిలబడ్డ స్నేహితురాలిని అడిగితే యాభై, అరవై ఉంటుందేమో అంది. ఆమె చెప్పిన అంకెనూ రాసుకున్నాను. ప్రసంగంలో అది పనికొచ్చింది.

తర్వాత దాటడానికి పట్టే సమయం. మా గేటు దగ్గర రెండు లైన్లు ఉన్నాయి. గేటు తెరిచి ఉన్నప్పుడు మామూలుగా నడుస్తూ, మొదటి పట్టాకు ఒక మీటరు ముందు నుంచి, చివరి పట్టాకు ఒక మీటరు అవతలి వరకు అడుగులు లెక్కపెట్టాను. ఆ మీటరును కలపడానికి కారణం ఉంది. మన బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, బోగీ వెడల్పు మాత్రం 3.2 మీటర్ల పైమాటే. అంటే బోగీ ఒక్కో వైపు పట్టా దాటి సుమారు ముప్పావు మీటరు బయటికి ఉంటుంది. పట్టాల పక్కన నిలబడ్డాను కదా అనుకునే మనిషి నిజానికి రైలు దారిలోనే ఉండవచ్చు. నాకు 14 అడుగులు పట్టాయి, సమయం దాదాపు 9 సెకన్లు. ఫోను చూస్తూ నడిచేవారిని గమనిస్తే ఇంకో రెండు సెకన్లు ఎక్కువే పట్టింది.

మూడవ పని: లెక్కను ఒక కథగా కట్టడం

కొలతలు చేతికి వచ్చాక వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. గేటుకు 600 మీటర్ల ముందు, పట్టాల పక్కన పసుపు పచ్చని బోర్డు ఒకటి ఉంటుంది. దాని మీద 'డబ్ల్యూ/ఎల్' అనీ, హిందీలో 'సీ/ఫా' అనీ రాసి ఉంటుంది. అక్కడి నుంచి గేటు దాటే వరకు లోకో పైలట్ హారన్ మోగించాలి. సెకనుకు 28.8 మీటర్ల వేగంతో ఆ 600 మీటర్లు రావడానికి రైలుకు పట్టేది సుమారు 21 సెకన్లు. మనిషి దాటడానికి పట్టేది 9 సెకన్లు. అంటే ఆ మొదటి హారన్ విన్న మనిషి, పట్టాల నడుమ ఉన్నా సరే, బయటపడడానికి కావలసిన సమయానికి రెట్టింపు సమయం అతని చేతిలో ఉంటుంది. ఈ ఏర్పాటంతా చెవి మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు చెవి లేదనుకుని అదే లెక్క వేయండి. దాటడం మొదలుపెట్టిన క్షణానికి రైలు 260 మీటర్ల దూరంలో ఉంటే, మనిషి చివరి అడుగు వేసేసరికి రైలు అక్కడికి చేరుతుంది. 260 మీటర్ల దూరంలో ఉన్న రైలు, ఎదురుగా చూస్తే, చేతి వేళ్ల మధ్య ఇమిడేంత చిన్నగా కనిపిస్తుంది. తల వంచుకుని నడిచేవారికి అదీ కనిపించదు. వారికి మొదటి సూచన కంటి అంచున కదలికో, కాళ్ల కింద అదురో అవుతుంది. అది రెండు సెకన్ల ముందు తెలిసిందనుకుందాం. అప్పటికి రైలు 58 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే రెండున్నర బోగీల పొడవు. ఇరవై ఒక్క సెకన్లు రెండు సెకన్లయ్యాయి. నా ప్రసంగానికి నడుము ఈ ఒక్క వాక్యమే.

"డ్రైవరు బ్రేకు వేస్తాడు కదా" అని ఎవరైనా అంటారు. నిండు బోగీలతో ఈ వేగంలో ఉన్న రైలు అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి కొన్ని వందల మీటర్లు, బరువునూ వాలునూ బట్టి కిలోమీటరు దాకా కూడా కావాలి. లోకో పైలట్ మనిషిని చూసిన క్షణాన అతను చేయగలిగింది బ్రేకు వేయడం, హారన్ మోగించడం మాత్రమే. వీటిలో మనిషిని కాపాడగలిగేది రెండోదే. దాన్నే మనం మూసేసుకుంటున్నాం.

నాలుగవ పని: చెవి ఏం చేస్తుందో తెలుసుకోవడం

హారన్ అంత పెద్దగా మోగితే ఇయర్‌బడ్స్ ఉన్నా వినపడదా అనే ప్రశ్నకు మీ దగ్గర సరైన జవాబు ఉండాలి. అందుకోసం కొంచెం లోతుగా చదవక తప్పదు.

ఇయర్‌బడ్ మూడు విధాలుగా అడ్డుపడుతుంది. చెవి రంధ్రాన్ని మూసే రబ్బరు మొన బయటి శబ్దాన్ని తగ్గిస్తుంది. ముఖ్యంగా ఈల, కేక వంటి సన్నని, పదునైన శబ్దాలను. నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే అది ఎడతెగని బొంగురు శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. బస్సు ఇంజను గుర్రుమనడం, రైలు చక్రాల హోరు సరిగ్గా అలాంటివే. మిగిలిన కొద్దిపాటి శబ్దాన్ని పాట కప్పేస్తుంది. ఒకటి పైభాగాన్ని, ఒకటి కిందిభాగాన్ని కోసేస్తే, మూడోది మధ్యలో మిగిలినదాన్ని ముంచేస్తుందన్న మాట.

దీనికి తోడు రైలు ఎదురుగా వచ్చేటప్పుడు మనం అనుకున్నంత చప్పుడు చేయదు. చక్రాల శబ్దం ముందుకు కన్నా పక్కలకు ఎక్కువగా వ్యాపిస్తుంది. పట్టాల అతుకులను వెల్డింగ్ చేసి పొడవైన పట్టాలుగా మార్చడంతో పాతకాలపు టకటక శబ్దం చాలా చోట్ల పోయింది. విద్యుత్ ఇంజను డీజిల్ ఇంజనులా దూరం నుంచి హోరెత్తదు. పైగా కన్ను కూడా ఇక్కడ మోసపోతుంది. పెద్ద వస్తువు చిన్న వస్తువు కన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు మనకు అనిపిస్తుందని, లెవెల్ క్రాసింగ్ ప్రమాదాలకు ఇది ఒక కారణమని అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్షెల్ లీబోవిట్జ్ 1985లో వివరించారు. నా స్నేహితురాలు నూట నాలుగును యాభై, అరవై అనుకోవడం ఈ కోవలోకే వస్తుంది. ఆమె చూపులో లోపమేమీ లేదు.

అయితే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది దిక్కుకు సంబంధించిన విషయం. శబ్దం ఎటు నుంచి వస్తోందో మెదడు రెండు చెవులనూ పోల్చి తెలుసుకుంటుంది. కుడివైపు నుంచి వచ్చిన హారన్ కుడి చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సమయం ముందు చేరుతుంది, కాస్త గట్టిగా కూడా వినిపిస్తుంది. ఆ చిన్న తేడాతోనే మనం ఠక్కున తల తిప్పుతాం. ఒక చెవి మూస్తే పోల్చడానికి రెండోది ఉండదు. హారన్ వినిపిస్తుంది, దిక్కు మాత్రం తెరిచిన చెవి వైపే అనిపిస్తుంది. రెండు లైన్లున్న చోట తప్పు దిక్కు చూసి తప్పు లైను మీదికి అడుగు వేయడానికి అది చాలు.

ఐదవ పని: హాల్లో అందరి ముందూ చూపించడం

పై పేరా మొత్తాన్ని మాటల్లో చెబితే వెనక బెంచీల వాళ్లు ఫోన్లు తీస్తారు. అందుకే దాన్ని చేసి చూపించాను. దీనికి ఒక్క నిమిషం చాలు.

రోజూ ఇయర్‌బడ్స్ పెట్టుకునే స్నేహితుడిని ఒకరిని ముందే ఒప్పించి వేదిక మీద కుర్చీలో, కళ్లు మూసుకుని కూర్చోబెట్టండి. నలుగురిని హాలు నాలుగు మూలలా నిలబెట్టండి. మీరు వేలు చూపినవారు ఒక్క చప్పట్టు కొట్టాలి. శబ్దం వచ్చిన వైపు అతను చేయి చాపాలి. మొదట రెండు చెవులూ తెరిచి, తర్వాత ఒక చెవిలో తన సొంత ఇయర్‌బడ్ పెట్టుకుని, చివరగా రెండూ పెట్టుకుని తాను రోజూ వినేంత శబ్దంతో పాట నడుస్తుండగా. వేరేవారి ఇయర్‌బడ్ పెట్టించవద్దు. పాట శబ్దాన్ని మీరు పెంచవద్దు. పెంచితే "అంత గట్టిగా ఎవరు వింటారు" అన్న మాట వస్తుంది, పరీక్ష విలువ పోతుంది.

మొదటి విడతలో మా వాడి చేయి దాదాపు ప్రతిసారీ సరైన మూలకే వెళ్లింది. ఎడమ చెవి మూశాక, ఎడమ మూలన కొట్టిన చప్పట్టుకు కూడా అతను పూర్తి నమ్మకంతో కుడివైపు చేయి చాపాడు. హాలంతా ఒక్కసారిగా నవ్వి, వెంటనే నిశ్శబ్దమైపోయింది. మూడో విడతలో నలుగురూ వరుసగా చప్పట్లు కొడుతుంటే అతని చేయి ఒళ్లోనే ఉంది. పరీక్ష ఇంకా మొదలు కాలేదని అనుకుంటున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఏమీ వ్యాఖ్యానించకుండా అయిదు సెకన్లు ఆగండి.

ముందు రోజు అదే హాల్లో ఒకసారి చేసి చూసుకోవడం అవసరం. గోడల నుంచి ప్రతిధ్వని ఎక్కువగా వచ్చే హాల్లో రెండు చెవులు తెరిచి ఉన్నా దిక్కు తప్పుతుంది. అలాంటప్పుడు ఆరుబయట, ప్రార్థన జరిగే మైదానంలో పెట్టుకోవడం మంచిది.

ఆరవ పని: ఉదాహరణలను జాగ్రత్తగా ఎంచుకోవడం

వాట్సాప్‌లో తిరిగే ప్రమాద వీడియోలను చూపించవద్దు. అవి చూసినవారు కళ్లు మూసుకుంటారు, ఆ తర్వాత చెప్పేది వినరు. అందులోని మనిషికీ ఒక ఇల్లు ఉంటుంది. మీ ఊళ్లో జరిగిన ప్రమాదంలో పోయినవారి పేరు చెప్పడం కూడా తగదు. వారి బంధువు హాల్లోనే ఉండవచ్చు.

బహిరంగంగా నమోదైన ఒక్క ఘటన చాలు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో, కాపలా లేని లెవెల్ క్రాసింగ్ దగ్గర స్కూలు వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. వ్యాను నడిపిన వ్యక్తి చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని ప్రాథమికంగా తెలిసిందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ఆనాడే చెప్పారు. 'ప్రాథమికంగా' అన్న మాటను మీరూ వదలకుండా చెప్పండి. ఆ తర్వాత 2019 జనవరి చివరికి బ్రాడ్ గేజ్ మార్గాల్లో కాపలా లేని లెవెల్ క్రాసింగులన్నిటినీ రైల్వే తొలగించింది. గేట్లకు కాపలా వచ్చింది. గేటు కింద నుంచి దూరేవారి చెవికి మాత్రం కాపలా లేదు.

పరిశోధనల్లోనూ ఒకటి రెండు చాలు. అమెరికాలో 2004 నుంచి 2011 వరకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పాదచారులకు జరిగిన 116 ప్రమాదాల వార్తలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి పైగా ఢీకొన్నవి రైళ్లే. బాధితుల్లో మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్ల లోపువారు. ప్రతి పది ఘటనల్లో దాదాపు మూడింటిలో, ఢీకొనడానికి ముందు హారన్ వంటి హెచ్చరిక మోగిందని వార్తలోనే ఉంది. ఇది వార్తల ఆధారంగా చేసిన అధ్యయనం కాబట్టి ఇయర్‌ఫోన్ల వల్లే ప్రమాదం జరిగిందని అది నిరూపించదు. ఆ పరిమితిని ఒక్క వాక్యంలో చెప్పేస్తే మీ మాట మీద గురి పెరుగుతుంది. అదే ఏడాది అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న అలబామా విశ్వవిద్యాలయ పరిశోధకులు 138 మంది కాలేజీ విద్యార్థులతో తెర మీద కృత్రిమంగా సృష్టించిన రోడ్డును దాటించి చూశారు. పాట వింటూ దాటినవారు, ధ్యాస మళ్లించేది ఏదీ లేకుండా దాటినవారి కన్నా ఎక్కువ సార్లు వాహనం కింద పడ్డారు. మన వయసు పిల్లలే కాబట్టి దీన్ని తప్పకుండా చెప్పాను.

ఏడవ పని: రహదారికి మళ్లడం

రైలు గేటు లెక్క అర్థమైనవారికి రోడ్డు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం విప్పి చెప్పాలి. రైలు తన దారి తప్పదు, రోడ్డు మీద వాహనం ఎటు నుంచైనా వస్తుంది. మనం డివైడరు దాకా కుడివైపు చూస్తూ, అక్కడి నుంచి ఎడమవైపు చూస్తూ దాటుతాం. సరిగ్గా అప్పుడే రాంగ్ రూట్‌లో వచ్చే బైకు, మనం చూడని వైపు నుంచి వస్తుంది. ఆ వైపు కాపలా చెవిదే. ఎలక్ట్రిక్ స్కూటరు, ఎలక్ట్రిక్ ఆటో వచ్చాక ఆ కాపలాకు దొరికే ఆనవాలు ఇంకా తగ్గింది. టైరు చప్పుడు, గేరు లేని మోటారు సన్నని కూత తప్ప ఏమీ ఉండదు. ఇయర్‌బడ్ వాటిని పూర్తిగా మింగేస్తుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు సెకనుకు 14 మీటర్లు వస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఒక సెకను పైగా గడుస్తుంది, పొడి రోడ్డు మీద కూడా, చూసిన క్షణం నుంచి ఆగడానికి మొత్తం మీద 30 మీటర్లో, అంతకు మించో పడుతుంది. మీ కాలేజీ గేటు నుంచి 30 మీటర్లు ఎక్కడి దాకా వస్తుందో అడుగులతో కొలిచి, ఆ కొట్టు పేరు ప్రసంగంలో చెప్పండి. "జిరాక్స్ షాపు దగ్గర డ్రైవరు మనల్ని చూస్తే మన కాలి దగ్గర ఆగుతుంది" అనే మాట ఎవరూ మరచిపోరు.

ఎనిమిదవ పని: ఎదురు ప్రశ్నలకు సిద్ధపడడం

మా తరగతిలో వచ్చిన అభ్యంతరాలు న్యాయమైనవే. వాటికి కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాలి.

ఒక చెవికే పెట్టుకుంటాను అన్నవారికి చప్పట్ల పరీక్షే జవాబు. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెడతాను అన్నవారికి నేను ఇలా చెప్పాను: అది ఏమీ లేకపోవడం కన్నా మేలే, కానీ పాట ఆగదు. బయటి శబ్దం చిన్న మైకు ద్వారా వచ్చి చెవిలో ఆడుతుంది, గాలి వీస్తే మైకులో హోరు పుడుతుంది, ఒక్కోసారి వేలు తగిలి మోడ్ మారిపోయినా మనకు తెలియదు. ఎముక ద్వారా శబ్దం పంపే రకం చెవిని మూయదు, నిజమే. అయినా ఫోనులో మాట్లాడుతున్న మనసు రోడ్డు మీద ఉండదు. అలబామా పరీక్షలో ఫోనులో మాట్లాడినవారు కూడా రోడ్డు నుంచి చూపు ఎక్కువగా పక్కకు తిప్పారు.

అన్నిటిలోకి బరువైన ప్రశ్న మా జూనియర్ ఒకామె అడిగింది: "అక్కా, వినికిడి లేనివాళ్లు రోజూ దాటుతున్నారు కదా?" దాటుతున్నారు. వినపడదని వారికి తెలుసు కాబట్టి ప్రతిసారీ ఆగి, రెండు వైపులా చూసి, తమ లెక్క తాము చూసుకుని దాటుతారు. ఇయర్‌బడ్స్ పెట్టుకున్న మనకు మాత్రం చెవి పనిచేస్తోందనే భ్రమ ఉంటుంది. ఏమీ వినిపించకపోతే ఏమీ రావడం లేదని అనుకుంటాం. ఈ తేడాను చెప్పేటప్పుడు హాల్లో వినికిడి పరికరం పెట్టుకున్న విద్యార్థి ఉండవచ్చని గుర్తుంచుకుని, మాట నొప్పించకుండా చూసుకోండి. వినికిడి పరికరాన్ని తీయమని మనం ఎవరికీ చెప్పడం లేదని స్పష్టం చేయండి.

చట్టం గురించి అడిగితే ఒక్క వాక్యం చాలు. అనుమతి లేని చోట పట్టాలు దాటడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. జరిమానా భయంతో మారేవారు తక్కువని నా అభిప్రాయం. అందుకే దీన్ని ప్రసంగంలో పెట్టలేదు.

తొమ్మిదవ పని: అడగవలసినది ఒక్కటే అడగడం

"జాగ్రత్తగా ఉండండి" అంటే ఎవరూ ఏమీ చేయరు. చేతికి ఒక పని ఇవ్వాలి. నేను అడిగినది ఇంతే: కాలేజీ ప్రహరీ దాటే ముందు, గేటు పక్కనున్న వేపచెట్టు దగ్గర, రెండు ఇయర్‌బడ్స్ తీసి వాటి డబ్బాలో పెట్టి మూత వేయాలి. మళ్లీ బస్సులో సీటు దొరికాకే తెరవాలి. మెడలోనో చేతిలోనో ఉంచుకుంటే దారిలో మళ్లీ చెవికి చేరతాయి, డబ్బాలో పడితే చేరవు. పాట ఆపితే చాలు, చెవిలో ఉన్నా ఫర్వాలేదనుకునేవారికి రబ్బరు మొన సంగతి గుర్తు చేయండి.

దీనితో పాటు గేటు దగ్గరి అలవాటు ఒకటి. ఒక రైలు వెళ్లగానే అడుగు వేయకూడదు. దాని చివరి బోగీ దూరమై, రెండో లైను రెండు వైపులా కనిపించే వరకు ఆగాలి. వెళ్తున్న రైలు వెనక నుంచి ఎదురు రైలు వస్తే, దాని రూపాన్ని మొదటి రైలు దాస్తుంది, దాని హారన్‌ను మొదటి రైలు హారన్ అనుకుంటాం.

పదవ పని: ప్రసంగాన్ని రాసి, గడియారం పెట్టి చదవడం

తెలుగులో నింపాదిగా మాట్లాడితే నిమిషానికి వంద మాటల దాకా వస్తాయి. ఐదు నిమిషాల్లో ఒక నిమిషం చప్పట్ల పరీక్షకు పోతే, మిగిలేది నాలుగు వందల మాటలు. అందుకే పైన చెప్పినవన్నీ ప్రసంగంలో పట్టవు. చాలా భాగం ప్రశ్నలకు జవాబుగా దాచుకోవాలి. నేను వేదిక మీద చెప్పినదాని ముఖ్య భాగం ఇది:

"అధ్యాపకులకు నమస్కారం. మిత్రులారా, మన రైలు గేటు దగ్గర పసుపు బోర్డు ఒకటి ఉంది, మీలో ఎవరైనా చూశారా? గేటు నుంచి 600 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి చూసి ఉండరు. అక్కడి నుంచి రైలు హారన్ మోగించుకుంటూ వస్తుంది. పోయిన మంగళవారం నేను గేటు బయట నిలబడి లెక్కపెట్టాను. అక్కడి నుంచి మన దగ్గరికి రావడానికి ఆ రైలుకు ఇరవై ఒక్క సెకన్లు పడుతుంది. రెండు లైన్లూ దాటడానికి నాకు తొమ్మిది సెకన్లు పట్టింది. హారన్ విన్న మనిషికి సమయం మిగులుతుంది. విననివాడికి ఎంత మిగులుతుందో ఇప్పుడు చూద్దాం. మన మిత్రుడు కుర్చీలో కూర్చున్నాడు, చూడండి."

ఇక్కడ పరీక్ష జరుగుతుంది. తర్వాత:

"నాలుగు చప్పట్లూ పోయాయి, అతను ఇంకా ఎదురుచూస్తున్నాడు. గేటు దగ్గర ఆ నాలుగు చప్పట్లు ఏమిటో ఆలోచించండి. ఒకటి గేట్‌మన్ ఈల, ఒకటి పక్కవాడి కేక, ఒకటి స్నేహితురాలి పిలుపు, ఒకటి హారన్. ఇవన్నీ పోయాక అతనికి రైలు ఉందని తెలిసేది కాళ్ల కింద నేల అదిరినప్పుడు. అప్పటికి మిగిలేది రెండు సెకన్లు. నేను మీ పాటను తప్పుపట్టడం లేదు, నేనూ బస్సులో వింటాను. వేపచెట్టు దగ్గర డబ్బా తెరవండి, రెండూ అందులో పెట్టండి, మూత వేయండి. బస్సులో సీటు దొరికాక మళ్లీ మొదటి నుంచి వినండి. ఇంతే నేను అడుగుతున్నది."

ఇంట్లో మూడుసార్లు గట్టిగా చదివి చూసుకోండి. అంకెలు చెప్పేటప్పుడు ఆగాలి. "ఇరవై ఒక్క సెకన్లు" అన్నాక ఒక ఊపిరి, "తొమ్మిది" అన్నాక ఒక ఊపిరి. కాగితం చూసి చదవకుండా ఈ రెండు అంకెలనూ, పరీక్ష వరుసనూ గుర్తుంచుకుంటే చాలు. మిగతా మాటలు వాటి వెంట అవే వస్తాయి.

ప్రసంగం తర్వాత

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు వేపచెట్టు దగ్గర నిలబడి లెక్కపెట్టండి. వాగ్దానాలు సేకరించడం, సంతకాలు చేయించడం కన్నా ఈ లెక్క ఉపయోగం. ఎంతమంది డబ్బా తీశారో, ఎంతమంది చెవుల్లో ఉంచుకునే వెళ్లారో ఒక కాగితం మీద గీతలు గీయండి. పది రోజుల తర్వాత అదే సమయానికి మళ్లీ గీయండి. మా దగ్గర మొదటి రోజు బాగా తీశారు, రెండో వారానికి చాలా మంది మళ్లీ మామూలైపోయారు. అప్పుడు చెట్టు మొదట్లో సుద్దతో తెల్లని గీత ఒకటి గీశాం, దాని మీద ఏమీ రాయలేదు. ప్రసంగం విన్నవారికి అదేమిటో తెలుసు, విననివారు పక్కవారిని అడుగుతున్నారు. వాన పడ్డప్పుడల్లా చెరిగిపోతోంది. బ్యాగు పట్టీకి కొత్త కుట్టు వేయించుకున్న ఆ కుర్రాడే ఇప్పుడు సుద్ద తెచ్చి మళ్లీ గీస్తున్నాడు.